చేటలో ఇసుక: విరాళాల కోసం రెండున్నర నిమిషాల సినిమా స్క్రిప్ట్ రాయడం ఎలా

గంజాం జిల్లాలో గోపాలపూర్ నుంచి దక్షిణంగా ఇచ్ఛాపురం వైపు వస్తుంటే, తీరం వెంబడి మన భాష మాట్లాడే మత్స్యకార పల్లెలు తగులుతాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. చుట్టుపక్కల ఒడియావాళ్ళు వీళ్ళని నోలియాలంటారు. అలాంటి ఒక పల్లెలో, చేపలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళకి వెదురు మంచెలు కట్టించాలని మా చిన్న సంస్థ అనుకుంది. డబ్బు కోసం ఒక చిన్న సినిమా తీశాం. స్క్రిప్ట్ నేనే రాశాను. మొదటిసారి తప్పుగా రాశాను.

ఆ మొదటి స్క్రిప్ట్‌లో ఏముందంటే: వేటకి వెళ్ళి తిరిగిరాని భర్త, 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానుకి ఎగిరిపోయిన ఇంటి కప్పు, చదువు మానేసిన కూతురు. చివర్లో, "మంచెలు కట్టించడానికి సాయం చేయండి." రఫ్‌గా ఎడిట్ చేసి బరంపురంలో తెలిసినవాళ్ళు ఓ పదిమందికి చూపించాం. కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఒకాయన "ఆమెకి పింఛను వస్తోందా?" అనడిగాడు. ఇంకొకామె "ఇల్లు కట్టించాలంటే ఎంతవుతుందండీ?" అంది. మంచె గురించి ఒక్కరూ అడగలేదు.

వాళ్ళ తప్పేం లేదు. కథలో భర్త పోయాడు, కప్పు పోయింది, చదువు పోయింది. మేం అడిగింది మాత్రం మంచె. ఏడుపు ఒకచోట, అడిగేది ఇంకోచోట ఉంటే చూసినవాళ్ళు జాలి పడతారు కానీ జేబులో చెయ్యి పెట్టరు. కాబట్టి ఈ పని చివర నుంచి మొదలుపెట్టండి.

అడిగే వాక్యం ముందు రాయండి

కథ జోలికి పోకుండా, ఆఖరి ఇరవై సెకన్లలో తెర మీద ఏం అడుగుతారో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఎంత డబ్బు, దానితో ఏం వస్తుంది, ఎవరికి వస్తుంది, ఎప్పటిలోగా కావాలి, ఈ నాలుగూ ఆ వాక్యంలో ఉండాలి. "మత్స్యకార మహిళల జీవితాల్లో వెలుగు నింపండి" అన్నది అడగడం కాదు. అది విన్నవాడికి ఏం చేయాలో తెలియదు.

మా వాక్యం ఇలా తేలింది: "8,000 రూపాయలతో ఒక మంచె. ఒక మంచె మీద ఇద్దరు ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకుంటారు. వచ్చే వేట మొదలయ్యేలోగా ఇంకా 30 మంచెలు కట్టాలి."

ఈ 8,000 ఎక్కడినుంచి వచ్చిందో మీ దగ్గర కాగితం ఉండాలి. మాకు వెదురుకి, సరుగుడు కర్రల కాళ్ళకి, పైన పరిచే వలకి, టార్పాలిన్‌కి, తాళ్ళూ కూలీకి కలిపి 7,200 అయింది. మిగతా 800 మా మనిషి ఊరికి వెళ్ళి కట్టించి, సీజన్ మధ్యలో ఒకసారి మరమ్మతు చూసి రావడానికి. ఈ 800 దాచిపెట్టి 7,200 అని చెప్పాలనిపిస్తుంది. వద్దు. ఆ ఖర్చు ఎలాగూ ఉంటుంది, తర్వాత లెక్క అడిగినప్పుడు నీళ్ళు నమలాలి. ధరలు మీ ప్రాంతంలో వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

ఇంకో సంగతి. తెర మీద "మంచె" అని చెప్పి డబ్బు తీసుకుంటే అది మంచెకే పెట్టాలి, ఆఫీసు అద్దెకి కాదు. అనుకున్నదానికంటే ఎక్కువ వస్తే ఏం చేస్తారో కూడా ముందే నిర్ణయించుకుని, సినిమాతో పంపే మెసేజ్‌లో ఒక్క ముక్క రాసిపెట్టండి: "30 పూర్తయితే మిగిలిన డబ్బుతో పక్క పల్లెలో కడతాం."

మొత్తం, సగం, పావు అని మూడు నాలుగు రేట్లు తెర మీద పెట్టే అలవాటొకటుంది. నాకు నచ్చదు. ఒక్క మొత్తమే చెప్పండి. తక్కువ ఇవ్వాలనుకునేవాళ్ళు ఎలాగూ తక్కువ ఇస్తారు, వాళ్ళని ఎవరూ ఆపరు.

ఆ వాక్యానికి సరిపోయే మనిషిని వెతకండి

సాధారణంగా అందరికంటే ఎక్కువ కష్టపడ్డ మనిషిని వెతుకుతారు. మీరు వెతకాల్సింది, మీరు అడిగే వస్తువు ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఎవరి రోజులో కళ్ళకి కనబడుతుందో ఆ మనిషిని.

ముందటేడు ప్రయోగంగా ఒక్క మంచె కట్టాం. అది వాడుకుంటున్న ఆమెనే సినిమాకి ఎంచుకున్నాం. పేరు ఇక్కడ చెప్పను, మేం "అప్పా", అంటే అక్కా, అని పిలిచేవాళ్ళం. "ఆమెకి మంచె వచ్చేసింది కదా, ఇంక డబ్బెందుకు?" అని మా కమిటీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. జవాబు ఇసుక మీదే ఉంది. అప్ప మంచె ఒడ్డున ఒక్కటే నిలబడి ఉంటుంది. దాని పక్కనుంచి చివరిదాకా మిగతా ఆడవాళ్ళ చేపలు ఇసుక మీదే పరిచి ఉంటాయి. కెమెరా మంచె మీదినుంచి మెల్లగా పక్కకి తిరిగితే చాలు, అవసరం ఏమిటో మాట లేకుండా తెలిసిపోతుంది. పని జరుగుతుందని ఒక మనిషి రుజువు, ఇంకా జరగాల్సింది పక్కనే ఉంది.

ఇక్కడ ఒక ప్రలోభం ఉంటుంది. అప్ప ఇదివరకు ఎలా ఎండబెట్టేదో చూపించాలి కాబట్టి, ఆమె చేత మళ్ళీ ఇసుక మీద పోయించి తీయాలనిపిస్తుంది. అది నాటకం. ఊళ్ళో అందరికీ తెలుస్తుంది, ఒకరోజు దాతకీ తెలుస్తుంది. పాత పద్ధతి కావాలంటే ఇప్పటికీ అలాగే చేస్తున్న పక్కామెని, ఆమె ఒప్పుకుంటే, తీయండి.

కెమెరా లేకుండా ఒకరోజు కూర్చోండి

స్క్రిప్ట్ మీ బుర్రలోంచి రాదు, ఆమె మాటల్లోంచి రావాలి. ఫోన్లో రికార్డు చేస్తానని అడిగి, ఆమె సరేనన్నాకే నొక్కండి. ఆమె పని ఆపి మీ ఎదుట కూర్చోనక్కర్లేదు. చేతులు పనిలో ఉంటే మాట తేలిగ్గా వస్తుంది.

"మీకు ఎలా అనిపించింది?" అని అడిగితే "ఏటనిపిస్తాది బాబూ, బాగుంది" అంటారు. అక్కడితో అయిపోతుంది. నిన్నటి రోజు గురించి అడగండి. ఎన్నింటికి లేచారు? పడవ వచ్చాక వేలంలో ఎన్ని బుట్టలు పాడుకున్నారు? అవి ఎక్కడ పోశారు? వాన వస్తే మొదట దేనికోసం పరిగెడతారు? షావుకారు సరుకు చూసి మొదట ఏమంటాడు? ఈ ఆఖరి ప్రశ్నకి అప్ప చెప్పిన జవాబు మా సినిమాకి వెన్నెముక అయింది: "గుప్పెడు తీసి పిసుకుతాడు. సేతికి ఇసక తగిల్తే, ఇది కోళ్ళ మేతకే అంటాడు."

ఆ ఒక్క మాటలో మొత్తం ఆర్థికశాస్త్రం ఉంది. ఇసుక మీద ఎండిన నెత్తళ్ళకి కింద గాలి ఆడదు, ఆరడం ఆలస్యమవుతుంది, రాత్రి మంచుకి మళ్ళీ మెత్తబడతాయి, కాకులూ కుక్కలూ సరేసరి. ఇసుక పట్టిన సరుకు కూరకి కాకుండా దాణాకి పోతుంది, రేటు పడిపోతుంది. నడుమెత్తు మంచె మీద వల పరిస్తే కిందినుంచీ గాలి వస్తుంది, వాన మొదలైతే టార్పాలిన్ లాగేయొచ్చు. ఇదంతా వ్యాఖ్యాత గొంతుతో చెప్పించాలని నా మొదటి ఆలోచన. షావుకారు పిడికిలి చూపిస్తే సరిపోయింది.

అసలు షూటింగ్ రోజు ఇంకో జాగ్రత్త. మీ ప్రశ్న ఎడిటింగ్‌లో కోసేస్తారు. "ఎన్నింటికి లేస్తారు?" అంటే "మూడింటికి" అని ఆమె అంటే, ఆ ఒక్క ముక్క సినిమాలో దేనికీ పనికిరాదు. "నా ప్రశ్న కూడా కలిపి చెప్పప్పా" అని ముందే చెప్పండి. అప్పుడు "తెల్లారగట్ల మూడింటికి లేస్తాను" అని పూర్తిగా వస్తుంది.

తేదీ కూడా చూసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో కెమెరా పట్టుకెళ్తే మీకు దొరికేవి ఒడ్డున బోర్లించిన పడవలే. డబ్బు ఆ నిషేధం ముగిసేలోగా చేతికి రావాలంటే, సినిమా అంతకు చాలా ముందే, వేట జోరుగా ఉన్నప్పుడే తీసుండాలి.

కాగితం మీద కోయండి

రికార్డింగు మొత్తం ఉన్నదున్నట్టు రాయండి, పక్కన నిమిషం, సెకను వేయండి. విసుగు పుట్టే పనే, కానీ దీన్ని దాటేస్తే ఎడిటింగ్‌లో రెండింతలు పడుతుంది. ఆమె యాసని సరిచేయొద్దు. "ఇసక"ని "ఇసుక" చేస్తే ఆమె మాయమై మీరు మిగులుతారు. చూసేవాళ్ళలో హైదరాబాదువాళ్ళకి ఆ యాస అందదనుకుంటే కింద మామూలు తెలుగులో అక్షరాలు వేయండి. భువనేశ్వర్‌లో కంపెనీలకి చూపించే ప్రతికి ఒడియా, మిగతావాళ్ళకి ఇంగ్లీషు. తెర మీద రెండు వరుసలకి మించకూడదు.

తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని ప్రతి వాక్యం ముందూ ఒకటే ప్రశ్న వేయండి: ఇది తీసేస్తే మంచె ఎందుకో అర్థం కాకుండా పోతుందా? పోదంటే కొట్టేయండి. భర్త సంగతి ఇక్కడే పోయింది. రాసుకున్నవాటిలో అదే మంచి భాగం, కొట్టేస్తుంటే చెయ్యి రాలేదు. ఆయన లేడని "ఇంటికి నేనే సంపాదించాల" అన్న ఆమె ఒక్క మాటలో తెలుస్తూనే ఉంది. తుఫాను పూర్తిగా పోయింది.

మిగిలింది ఇలా పేర్చుకున్నాం. ఎడమవైపు తెర మీద కనబడేది, కుడివైపు వినబడేది రాసే రెండు వరుసల పద్ధతి వాడతారు. ఫోన్లో చదివేవాళ్ళ కోసం ఒకదాని కింద ఒకటి రాస్తున్నాను.

0:00 – 0:12
కనబడేది: చేట, దగ్గరగా. ఎండు నెత్తళ్ళు ఎగిరి పడుతున్నాయి. ఇసుక రాలుతోంది.
వినబడేది: ఇసుక రాలే చప్పుడు. సంగీతం లేదు. ఆఖర్లో ఆమె గొంతు.

0:12 – 0:45
కనబడేది: తెల్లవారుజాము, పడవలు, బుట్టల వేలంపాట. పక్కామె ఇసుక మీద చేపలు పోస్తోంది.
వినబడేది: "మూడింటికి లేస్తాను. ఇంటికి నేనే సంపాదించాల..."

0:45 – 1:10
కనబడేది: ఒక చెయ్యి గుప్పెడు చేపలు పిసికి చూడడం. షావుకారు ముఖం కనబడదు.
వినబడేది: "సేతికి ఇసక తగిల్తే, ఇది కోళ్ళ మేతకే అంటాడు."

1:10 – 1:55
కనబడేది: మంచె. చేపలు తిరగేస్తున్న ఆమె చేతులు. మబ్బు పడితే టార్పాలిన్ లాగడం.
వినబడేది: "ఇప్పుడు నా సరుకు కూరకే పోతంది."

1:55 – 2:10
కనబడేది: కెమెరా మంచె మీదినుంచి పక్కకి తిరుగుతుంది. ఇసుక మీద చేపలు, ఇంకా చేపలు.
వినబడేది: గాలి, కాకులు. మాట లేదు.

2:10 – 2:30
కనబడేది: అడిగే వాక్యం, తెర మీద అక్షరాల్లో.
వినబడేది: అదే వాక్యం, మా కార్యకర్త గొంతుతో.

ఆఖరిది ఆమె చేత చెప్పించలేదు, గమనించారా? చేపలమ్ముకుని బతికే మనిషి చేత "దయచేసి సాయం చేయండి" అనిపిస్తే ఆమె బిచ్చగత్తె అవుతుంది. అడుగుతున్నది సంస్థ. అడగడం సంస్థ గొంతులోనే ఉండాలి.

రాశాక, గడియారం ఎదురుగా పెట్టుకుని పైకి చదవండి. తెలుగు మాటలు పొడుగు. ఇంగ్లీషు స్క్రిప్టుల లెక్కతో నిమిషానికి 130 మాటలు పడతాయనుకుంటే దెబ్బతింటారు. బొమ్మలకి ఊపిరాడాలంటే నేను నిమిషానికి 70, 80కి మించనివ్వను.

అంకెలు ఎక్కడ పెట్టాలి

కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "రాష్ట్రంలో ఎన్ని వేలమంది మత్స్యకార మహిళలున్నారో మధ్యలో ఒక ముక్క వేద్దాం." దీనిమీద అమెరికాలో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ అనే ముగ్గురు చేసిన ప్రయోగం 2007లో అచ్చయింది. సర్వే చేసినందుకు ఒక్కొక్కరికీ 5 డాలర్లిచ్చి, అందులోంచి విరాళం అడిగారు. ఒక ఆఫ్రికా పాప కథ మాత్రమే చదివినవాళ్ళు సగటున 2.38 డాలర్లిచ్చారు. అంకెలు మాత్రమే చదివినవాళ్ళు 1.14. పాప కథా అంకెలూ కలిపి చదివినవాళ్ళు 1.43 మాత్రమే. తర్వాత వేరేవాళ్ళు పెద్ద ఎత్తున మళ్ళీ చేసి చూస్తే ఇంత తేడా కనబడలేదు, కాబట్టి దీన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు. నా వరకు నేను, కథ నడుస్తున్నంతసేపు ఒక్క అంకె కూడా రానివ్వను. 8,000, 30, ఈ రెండే, ఆఖర్లో. మిగతావన్నీ సినిమాతో పంపే కాగితంలో.

డబ్బు దారి

ఆఖరి తెర మీద క్యూఆర్ కోడ్ పెట్టి చేతులు దులుపుకుంటారు చాలామంది. మీ సినిమా ఎక్కువమంది చూసేది వాట్సాప్‌లో, అంటే ఫోన్లో. తన ఫోన్లో ఉన్న కోడ్‌ని తన ఫోన్‌తోనే ఎలా స్కాన్ చేస్తాడు? స్క్రీన్‌షాట్ తీసి చేసేంత ఓపిక ఎందరికుంటుంది? కోడ్ హాల్లో ప్రొజెక్టర్ మీద చూపించే ప్రతికి పనికొస్తుంది, అక్కడ కనీసం పది సెకన్లు కదలకుండా ఉంచండి. ఫోన్లకి పంపేదానికి యూపీఐ ఐడీ, లింకు మెసేజ్‌లోనే రాయండి, నొక్కితే పోయేలా.

రెండోది పెద్దది. మన సినిమా అమెరికాలో ఉన్న బంధువులకి తప్పకుండా చేరుతుంది. మీ సంస్థకి విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ లేకపోతే విదేశీ విరాళం తీసుకోకూడదు. విదేశంలో ఉన్నా ఇంకా భారత పౌరుడే అయితే, తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళది వస్తుంది, ఓసీఐ కార్డున్నా సరే. కాబట్టి "ప్రపంచంలో ఎక్కడినుంచైనా పంపండి" అనే మాట తెర మీద రాయకండి. "భారత పౌరుల నుంచి మాత్రమే" అని మెసేజ్‌లో పెట్టండి. విరాళం మీద పన్ను మినహాయింపు సంగతి కూడా మెసేజ్‌లోనే. సినిమా ఏళ్ళ తరబడి తిరుగుతుంది, పన్ను నియమాలు మధ్యలో మారతాయి.

ఆమెకి చదివి వినిపించండి

షూటింగ్‌కి ముందు స్క్రిప్ట్ అంతా ఆమెకి తెలుగులో పైకి చదివి వినిపించాలి. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ఈ బొమ్మలు ఎవరెవరు చూస్తారో, ఫోన్లలో పడ్డాక వెనక్కి తీసుకోవడం మన చేతుల్లో ఉండదని విడమరిచి చెప్పండి. వద్దన్నా మంచె ఆమెదే అని కూడా చెప్పండి. మంచె ఇస్తున్న రోజునే సంతకం అడిగితే ఏ మనిషీ కాదనలేదు, అందుకే వేరే రోజు పెట్టుకోండి.

మేం చదివినప్పుడు అప్ప రెండు చోట్ల ఆపింది. షావుకారు దగ్గర ఆమెకి ఎంత అప్పుందో ఒక వాక్యం ఉంది. "అది తీసెయ్ బాబూ. పిల్లకి సమ్మందం సూస్తన్నాం. ఆళ్ళ ఫోన్లోకీ ఎల్తాది కదా" అంది. తీసేశాం. నాకు ఆ ఆలోచనే రాలేదు. రాసేటప్పుడు దాతని తలుచుకున్నాను కానీ వియ్యంకుణ్ణి తలుచుకోలేదు.

రెండోది మొదటి దృశ్యంలో. చేటలో చెరిగితే ఇసుకంతా పోయి చేపలు శుభ్రపడతాయన్నట్టు నేను ఒక వాక్యం రాసి, ఆమె గొంతుతో చెప్పించాలనుకున్నాను. ఆమె నవ్వింది.

"ఎంత సెరిగినా పోదు బాబూ. పంటి కింద తగుల్తానే ఉంటాది."

నా వాక్యం కొట్టేసి, చేట మీద ఆమె గొంతుగా ఇదే పెట్టాం.